సవరణ: స్లాబ్ స్ట్రెస్సింగ్ రికార్డులో 112 మి.మీ. సాగుదల

“20 మీటర్ల స్టీలు స్ట్రాండ్‌కి సాగుదల లెక్క ప్రకారం 135 మి.మీ., కొలిస్తే 112 వచ్చింది. 17 శాతం తక్కువ. మళ్లీ లాగాలా?”

ఈ ప్రశ్నకు మళ్లీ లాగమని ఇచ్చిన పాత జవాబు తప్పు. 135 అనేది సున్నా నుంచి పూర్తి లోడు దాకా లెక్క: 12.7 మి.మీ. స్ట్రాండ్, వైశాల్యం 98.7 చ.మి.మీ., రాపిడి పోను సగటు బలం 130 కిలోన్యూటన్లు, స్టీలు స్థితిస్థాపక గుణకం E 195 గిగాపాస్కల్స్. సైట్లో మాత్రం వదులు తీయడానికి 20 శాతం లోడు దాకా లాగి, అక్కడ గుర్తు పెట్టి కొలిచారు. అంటే 112 మి.మీ. మిగతా 80 శాతానిదే. 112ని 0.8తో భాగిస్తే 140. తేడా 3.7 శాతం ఎక్కువ. అమెరికన్ కాంక్రీటు కోడ్ ఏసీఐ 318 ఇచ్చే 7 శాతం హద్దులోనే ఉంది. మీ ప్రాజెక్టు స్పెసిఫికేషన్ 5 శాతమే అన్నా సరిపోతుంది.

ఈ 112 జాక్ లోడులో ఉండగా తీసుకున్నదే కావాలి. లాక్ చేశాక పెయింటు గుర్తు నుంచి కొలిస్తే స్ట్రాండ్‌ని పట్టుకునే వెడ్జ్ జారుడు, మామూలుగా 6 మి.మీ. దాకా, అందులోంచి పోయి ఉంటుంది. దాన్ని కలిపాకే పోల్చాలి.

నిజంగా హద్దు దాటితే బయటికి మిగిలిన స్ట్రాండ్ తోకలు కోయకండి. తక్కువైతే డక్ట్‌లో గ్రౌట్ గానీ కాంక్రీటు పాలు గానీ చొరబడి ఉండొచ్చు. ఎక్కువైతే ముందు జాక్ లేని డెడ్ ఎండ్ జారిందేమో, గేజ్ క్యాలిబ్రేషన్ సరేనా చూడండి. కారణం తేలకుండా పంపు ఒత్తిడి పెంచితే స్ట్రాండ్ తెగొచ్చు.