పదిమంది ఆఫీసులో పేరు దాగుతుందా? రాయగడ వైపు 360 డిగ్రీల సమీక్షలు

ఉద్యోగి పనితీరుపై పైఅధికారి ఒక్కరే కాకుండా, సమస్థాయి సహోద్యోగులూ కింద పనిచేసేవారూ కూడా అభిప్రాయం చెప్పే పద్ధతికి 360 డిగ్రీల సమీక్ష అని పేరు. వేలమంది పనిచేసే కంపెనీల కోసం తయారైన ఈ పద్ధతి ఇప్పుడు ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం లాంటి ఊళ్లలోని స్వచ్ఛంద సంస్థలకూ ప్రైవేటు ఆసుపత్రులకూ చేరుతోంది. భువనేశ్వర్‌లోనో విశాఖపట్నంలోనో ఉన్న ప్రధాన కార్యాలయం ఒక లింకు పంపుతుంది, పదిరోజుల్లో నింపమంటుంది, మీ పేరు ఎవరికీ తెలియదని హామీ ఇస్తుంది. ఆ హామీని సిబ్బంది నమ్మరు. అందరికీ అయిదుకు నాలుగో అయిదో వేసి, వ్యాఖ్యల గడిలో ‘బాగా పనిచేస్తున్నారు’ అని రాసి ఊరుకుంటారు. ఇది మొహమాటమని, మన సంస్కృతే అంతని యాజమాన్యాలు సరిపెట్టుకుంటాయి. నా దృష్టిలో ఇందులో మొహమాటం పాలు తక్కువ. చిన్న కార్యాలయంలో ఆ హామీ నిలబడదన్న సంగతి సిబ్బందికి యాజమాన్యం కంటే బాగా తెలుసు.

ఎందుకు నిలబడదో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. రాయగడ జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థకు క్షేత్ర కార్యాలయం ఉందనుకోండి. అక్కడి కోఆర్డినేటర్‌పై సమీక్ష జరుగుతోంది. ఆయనకు పైఅధికారి ఒకరు, సమస్థాయివారు నలుగురు, కింద పనిచేసే క్షేత్ర సిబ్బంది ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకరిది గుణుపురం తెలుగు కుటుంబం, ఒకరు ఒడియా మాట్లాడేవారు, మరొకరి మాతృభాష కుయి. ఏ వర్గంలోనైనా కనీసం ముగ్గురు స్పందిస్తేనే ఆ వర్గం సగటును విడిగా చూపాలన్నది ఇలాంటి సమీక్షల్లో సాధారణంగా పాటించే నియమం. క్షేత్ర సిబ్బందిలో ఒకరు గడువులోగా నింపలేదు. ఇద్దరే మిగిలారు కాబట్టి నివేదికలో వారి గడి ఖాళీగా వచ్చింది. నియమం పాటించినట్టే కనిపిస్తుంది.

కానీ అదే పేజీలో ‘సిబ్బందికి ముందుగా సమాచారం ఇస్తారు’ అనే ప్రశ్న ఎదురుగా పైఅధికారి వేసిన మార్కు 4 అని, సమస్థాయివారి సగటు 4.25 అని, మొత్తం ఏడుగురి సగటు 3.57 అని అచ్చయింది. ఏడుగురి మొత్తం 25. అందులోంచి నలుగురు సమస్థాయివారి 17, పైఅధికారి 4 తీసేస్తే మిగిలేది 4. అంటే దాచిపెట్టిన ఆ ఇద్దరూ చెరో 2 వేశారు, లేదా ఒకరు 1, ఒకరు 3 వేశారు. కోఆర్డినేటర్‌కు దీనికి క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. ఇక నింపని వ్యక్తి ఎవరో ఆఫీసులో అందరికీ తెలుసు, ఎందుకంటే ఆ వారమంతా ఆయన కాశీపూర్ క్యాంపులో ఉన్నాడు. ముగ్గురి నియమం పెట్టినవారు, పక్కనే మొత్తం సగటు చూపితే ఆ నియమం వమ్మవుతుందని గమనించలేదు. దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. ఒక వర్గాన్ని దాచవలసి వస్తే మొత్తం సగటునూ తీసేయాలి, లేదా ఆ వర్గాన్ని సమస్థాయివారితో కలిపి ‘సహోద్యోగులు’ అనే ఒకే వర్గంగా చూపాలి. స్పందనలు వచ్చాక కాకుండా, ఎవరెవరిని అడగాలో నిర్ణయించేటప్పుడే ఈ లెక్క చేసుకోవడం మంచిది. ముగ్గురిని అడిగితే ఒకరు మానేయగానే నియమం తప్పుతుంది కాబట్టి, కింద పనిచేసేవారు అయిదుగురికంటే తక్కువ ఉన్నచోట వారిని విడి వర్గంగా పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం.

అంకెల కంటే వ్యాఖ్యలు ఇంకా తేలిగ్గా మనిషిని పట్టిస్తాయి. సరిహద్దు జిల్లాల్లో ఇందుకు తనదైన కారణం ఉంది. తొమ్మిదిమంది ఉన్న ఆఫీసులో ఒక వ్యాఖ్య తెలుగు లిపిలో వస్తే అది ఎవరిదో చెప్పనక్కర్లేదు. అలాగని ఇంగ్లీషులోనే రాయమంటే రాయగలిగిన ఇద్దరు ముగ్గురే రాస్తారు. తెలుగు ఫారం ఇస్తే చాలుననుకోవడమూ పొరపాటే. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది ఒడియా మాధ్యమంలో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, లిపి మాత్రం ఒడియాదే బాగా వచ్చు. ఫారం చదవలేనివారికి పక్క సీటువారు చదివి వినిపిస్తారు, అక్కడితో గోప్యత ముగుస్తుంది. పక్క సీటువారు చాలాసార్లు బంధువో, అదే వీధిలో ఉండేవారో అవుతారు.

కాబట్టి వ్యాఖ్యలను యథాతథంగా నివేదికలో పెట్టకూడదు. వేరే జిల్లా ఆఫీసు నుంచి, సమీక్షకు గురయ్యే వ్యక్తితో ఏ లావాదేవీ లేని ఒకరు ఒడియా, తెలుగు వ్యాఖ్యలన్నీ చదివి, కనీసం ఇద్దరు చెప్పిన విషయాలను మాత్రమే తన మాటల్లో, ఒకే భాషలో రాయాలి. ఇలా తిరగరాస్తామని ముందే సిబ్బందికి చెప్పాలి. చదవడం ఇబ్బందిగా ఉన్నవారికి ప్రశ్నలను వారి భాషలో రికార్డు చేసి వినిపించి, ప్రశ్న నంబరు ఎదుట అంకె మాత్రమే వేసే కాగితం ఇస్తే సరిపోతుంది. ఈ ఏర్పాటుకు ఒక మూల్యం ఉందని ఒప్పుకోవాలి. ‘గత నెల బ్లాకు మీటింగులో అందరి ముందూ నన్ను కసిరారు’ అన్న వ్యాఖ్య ‘ఇతరుల ముందు మందలిస్తారు’ అని మారగానే దాని పదును కొంత పోతుంది. అయినా ఒకే సంఘటన మీద ఆధారపడిన వ్యాఖ్య కంటే, తరచూ కనిపించే ప్రవర్తన మీద వచ్చిన వ్యాఖ్యతోనే మనిషి ఏదైనా చేయగలడు. కాబట్టి ప్రశ్న కూడా అలాగే అడగాలి. ‘ఆయన మంచి నాయకుడా?’ అని కాకుండా, ‘పర్యటన తేదీ మారితే రెండురోజుల ముందు చెబుతారా: ఎప్పుడూ, చాలాసార్లు, అప్పుడప్పుడు, అరుదుగా, చూడలేదు’ అని అడగాలి. చివరి మాట తప్పనిసరి, అది లేకపోతే తెలియనివారు మధ్య అంకె వేసి తప్పుకుంటారు.

సాంకేతికంగా మరో చిన్న విషయం. చాలా సంస్థలు గూగుల్ ఫారమ్స్ వాడుతున్నాయి. అందులో Collect email addresses అనే అమరికను ఆపేసినా, స్పందనల షీటులో Timestamp అనే నిలువు వరుస మిగిలే ఉంటుంది. మధ్యాహ్నం మూడు గంటలకు ఆఫీసులో ఎవరున్నారో తెలిసినవారికి ఆ వరుస చాలు. ఆ షీటు స్థానిక మేనేజరుకు, ఆయన అకౌంటెంటుకు అసలు అందుబాటులో ఉండకూడదు.

పేరు తెలిస్తే ఏం జరుగుతుందన్నది ఊహ కాదు. 1994లో డేవిడ్ ఆంటోనియోని ప్రచురించిన పరిశోధనలో, తమ పేరు మేనేజరుకు తెలుస్తుందన్న పరిస్థితిలో కింది ఉద్యోగులు, పేరు లేకుండా స్పందించినవారి కంటే ఎక్కువ మార్కులు వేశారు. మేనేజర్లకు మాత్రం పేర్లతో వచ్చిన స్పందనే నచ్చింది. ఈ రెండో అంశం నాకు మొదటిదానికంటే ముఖ్యంగా తోస్తుంది, ఎందుకంటే గోప్యతను సడలించమనే ఒత్తిడి ఎప్పుడూ నివేదిక అందుకునేవారి వైపునుంచే వస్తుంది, ఆ ఒత్తిడి సదుద్దేశంతోనే వస్తుంది కూడా.

గోప్యత ఎంత పకడ్బందీగా ఉన్నా, ఫలితాన్ని ఇంక్రిమెంటుకో ప్రమోషనుకో ముడిపెడితే నిజాయతీ నిలవదు. కింది ఉద్యోగి తన మార్కు ఎవరి జీతాన్ని తగ్గిస్తుందో లెక్కవేసుకుంటాడు, పోటీలో ఉన్న సహోద్యోగి వేరే లెక్క వేసుకుంటాడు. కేంద్ర ప్రభుత్వంలో సీనియర్ అధికారుల ఎంపానెల్‌మెంట్‌కు, అంటే ఉన్నత పదవులకు అర్హుల జాబితాలో చేర్చడానికి, 360 డిగ్రీల స్పందనను వాడటాన్ని 2017లో సిబ్బంది వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది. ఆ పద్ధతి అపారదర్శకమని, వ్యక్తిగత ఇష్టాయిష్టాలకు తావిచ్చేదని వ్యాఖ్యానించింది. పదోన్నతికి వాడే సమాచారమైతే తనపై ఏం చెప్పారో తెలుసుకుని సమాధానం చెప్పుకునే హక్కు ఉద్యోగికి ఉండాలి, ఆ హక్కు ఇస్తే చెప్పినవారి గోప్యత పోతుంది. ఈ రెండింటినీ ఒకే ఫారంలో ఇమడ్చడం సాధ్యం కాదు. చిన్న సంస్థలు మొదటి రెండు మూడేళ్లయినా ఈ నివేదికను పనితీరు మెరుగుపరచుకోవడానికి మాత్రమే వాడతామని రాతపూర్వకంగా చెప్పి, దాని ప్రతి సర్వీసు ఫైలులోకి వెళ్లకుండా చూడాలి.

ఇక చర్య సంగతి. నివేదిక అందాక అత్యధిక చోట్ల జరిగేది ఏమీ ఉండదు. కోఆర్డినేటర్ చదువుతాడు, రెండురోజులు ముభావంగా ఉంటాడు, ఫైలు డ్రాయరులో చేరుతుంది. అలన్ వాకర్, జేమ్స్ స్మిదర్ ఒకే బృందం మేనేజర్లను అయిదేళ్లపాటు పరిశీలించి 1999లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. తమకు వచ్చిన స్పందనను కింది ఉద్యోగులతో కూర్చుని చర్చించిన మేనేజర్లు, చర్చించనివారి కంటే ఎక్కువ మెరుగుపడ్డారు. అదే మేనేజరు కూడా చర్చించిన ఏడాది తర్వాత, చర్చించని ఏడాది తర్వాతకంటే ఎక్కువ మెరుగుపడ్డాడు. అంటే నివేదిక కంటే ఆ సమావేశానికే ఎక్కువ ఆలోచన పెట్టాలి.

మన ఊహా కార్యాలయంలో ఆ సమావేశం ఇలా జరగవచ్చు. నివేదిక అందిన రెండువారాల్లోగా కోఆర్డినేటర్ సిబ్బందిని అరగంట కూర్చోబెట్టి, రెండు విషయాల్లో తనకు మంచి మార్కులు వచ్చాయని, ముందస్తు సమాచారం విషయంలో తక్కువ వచ్చిందని, ఆ ఒక్కదాని మీదే పని చేస్తానని చెబుతాడు. ఎవరన్నారు, ఎందుకన్నారు అని అడగడు. ‘ఈ విషయంలో వచ్చే మూడు నెలలు నేనేం చేస్తే మీకు వీలుగా ఉంటుంది?’ అని మాత్రమే అడుగుతాడు. అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. మునిగుడ, బిస్సంకటక్ వైపు పర్యటనల షెడ్యూలు ప్రధాన కార్యాలయం నుంచి వచ్చేదే ముందురోజు సాయంత్రం. కోఆర్డినేటర్ వెంటనే వాట్సాప్‌లో పెట్టినా, సిగ్నలు లేని ఊళ్లో ఉన్న కార్యకర్తకు అది మర్నాడు సంతలోకి వచ్చాకగానీ చేరదు. అంటే 2 మార్కులో సగం వాటా కోఆర్డినేటర్‌ది, సగం ప్రధాన కార్యాలయానిది.

ఇలాంటి పరిస్థితిలో చర్యను రెండుగా విడదీయాలి. షెడ్యూలు మారితే సందేశం పెట్టి వదిలేయకుండా, చేరిందో లేదో కాల్ చేసి నిర్ధారించుకోవడం కోఆర్డినేటర్ పని. ప్రతి శుక్రవారంలోగా వచ్చే వారం షెడ్యూలు పంపడం ప్రధాన కార్యాలయంలో ఫలానా అధికారి పని, ఆ అధికారి పేరు కార్యాచరణ కాగితంలో రాసి ఉండాలి. మూడు నెలల తర్వాత అదే సిబ్బందికి ఆ ఒక్క విషయం మీద మాత్రమే ప్రశ్న వెళ్లాలి. సంఖ్య తక్కువ కాబట్టి ఈసారీ వర్గాలుగా విడదీయకుండా ‘మెరుగుపడింది, అలాగే ఉంది, తగ్గింది’ అని ఎంతమంది అన్నారో చూస్తే చాలు. షెడ్యూలు శుక్రవారమే వస్తున్నా ‘అలాగే ఉంది’ అని ఎక్కువమంది అంటే లోపం కోఆర్డినేటర్ దగ్గర ఉందని అర్థం. షెడ్యూలు ఇంకా ముందురోజు సాయంత్రమే వస్తోంటే, ఆయనపై మరో సమీక్ష పెట్టే ముందు ఆ శుక్రవారం గడువు ఎందుకు తప్పుతోందో ప్రధాన కార్యాలయం సిబ్బందికి సమాధానం చెప్పవలసి ఉంటుంది.