'తీర్పులు ఇంగ్లీషులో దొరుకుతాయి' అన్నది వైవాలో నిలబడే జవాబు కాదు

"డాక్ట్రినల్ థీసిస్‌లో పోలిక ఎందుకు పెట్టావని వైవాలో అడిగితే కంగారుపడక్కర్లేదు. ఇండియా, యూకే, అమెరికా మూడూ కామన్ లా దేశాలు, తీర్పులు ఇంగ్లీషులో దొరుకుతాయి అంటే చాలు. డాక్ట్రినల్‌కి శాంపిల్ గొడవ లేదు. ఎన్ని దేశాలు కలిపితే అంత మంచిది."

బెంగళూరులో లా పీహెచ్‌డీ చేస్తున్న మనవాళ్ల ఫోన్లలో బాగా తిరుగుతున్న సలహా ఇది. డాక్ట్రినల్ అంటే సర్వేలు లేకుండా చట్టాలు, తీర్పుల మీదే చేసే పరిశోధన. దీన్ని ఒక థీసిస్ మీద పెట్టి చూద్దాం. పార్లమెంటు పద్ధతి ప్రకారమే చేసిన రాజ్యాంగ సవరణను, అందులోని విషయం నచ్చలేదని కోర్టు కొట్టేయొచ్చా అన్నది ప్రశ్న. మన దగ్గర 1973 నాటి కేశవానంద భారతి తీర్పు, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని సవరణతో కూడా చెరపకూడదన్న దాని సిద్ధాంతం ఉన్నాయి.

కామన్ లా అన్న కారణం ఇక్కడే తెగిపోతుంది. యూకేలో ఒకే పత్రంగా రాసిన రాజ్యాంగమే లేదు, పార్లమెంటుదే పైచేయి. అంటే ఈ ప్రశ్న అక్కడ పుట్టనే పుట్టదు. అమెరికాకు రాసిన రాజ్యాంగం ఉన్నా, విషయం బాగోలేదని అక్కడి సుప్రీంకోర్టు ఒక్క సవరణనూ కొట్టేయలేదు. మూడు దేశాల న్యాయ సంప్రదాయానికీ మూలం ఒకటే అయినంత మాత్రాన ప్రశ్న ఒకటే అయిపోదు.

ఎంపికకు కావలసింది ప్రశ్నలోంచి పుట్టిన షరతులు. ఈ థీసిస్‌కు మూడు చాలు: మామూలు చట్టం కన్నా కష్టమైన సవరణ పద్ధతి ఉన్న రాసిన రాజ్యాంగం, చట్టాన్ని కొట్టేసే అధికారమున్న కోర్టు, తీర్పు నాటికి 'ఈ అంశాన్ని ఎప్పటికీ సవరించకూడదు' అన్న నిషేధం రాజ్యాంగ పాఠంలో లేకపోవడం. ఈ జల్లెడలో బంగ్లాదేశ్, సింగపూర్ రెండూ నిలుస్తాయి. ఢాకా బయట హైకోర్టు శాశ్వత బెంచీలు పెట్టిన ఎనిమిదో సవరణ భాగాన్ని, 1989లో అన్వర్ హుస్సేన్ చౌధురి కేసులో బంగ్లాదేశ్ సుప్రీంకోర్టు అప్పిలేట్ డివిజన్ కొట్టేసింది. అదే ఏడాది టియో సో లుంగ్ కేసులో సింగపూర్ హైకోర్టు కేశవానంద తర్కాన్ని కాదంది. ఒకటి అవునంది, ఒకటి కాదంది. అవునన్న దేశాలనే ఏరుకుని ఉంటే, పాఠం మౌనంగా ఉంటే కోర్టు ఇలాగే అంటుందన్న భ్రమ మిగిలేది. 'కాదు' అన్న దేశం పక్కన ఉంటేనే, ఆ జవాబు పాఠంలోంచి దానంతటదే రాలేదని, న్యాయమూర్తుల తర్కంలోంచి వచ్చిందని చూపగలం.

పోలిక ఎందుకన్న ప్రశ్నకు జవాబు కూడా ఇదే. విదేశీ తీర్పు మన కోర్టును కట్టిపడేయదు కాబట్టి 'అక్కడ అలా ఉంది, ఇక్కడా అలా ఉండాలి' అనడానికి దాన్ని వాడకూడదు. మన తర్కంలో ఏ మెట్టు తప్పనిసరి, ఏది ఎంచుకున్నది అన్నది విడదీయడానికి వాడాలి. ఈ ఒక్క వాక్యం మెథడాలజీ చాప్టర్‌లో లేకపోతే వైవాలో నోటితో కొత్తగా కల్పించలేరు.

ఇక గట్టి ఎగ్జామినర్ అడిగేవి. "బంగ్లాదేశ్‌లో అప్పటికే కొన్ని అధికరణాల సవరణకు రెఫరెండం కావాలిగా, మౌనం ఎక్కడుంది?" అది పద్ధతి, నిషేధం కాదు. నిషేధం 2011లో 7బి అధికరణంగా వచ్చింది. అందుకే పోలిక 1989 నాటి పాఠానికే పరిమితమని థీసిస్‌లో తేదీతో సహా రాసి ఉండాలి. "టియో సో లుంగ్‌లో అప్పీలు ఏమైంది?" 1990లో అప్పీలు కోర్టు ఈ ప్రశ్నను తేల్చకుండా వదిలేసింది. హైకోర్టు మాటనే సింగపూర్ చివరి మాటగా రాసినవాళ్లు దొరికిపోయేది సరిగ్గా ఇక్కడే.

"ఈ ఆలోచన మూలం జర్మనీ కదా, దాన్నెందుకు వదిలేశారు?" మాట నిజమే. జర్మన్ పండితుడు డీటర్ కాన్రాడ్ 1965లో బనారస్‌లో చేసిన ప్రసంగంలో దీన్ని లేవనెత్తాడు, కేశవానందలో జస్టిస్ ఖన్నా ఆయన్ని ఉటంకించారు. కానీ జర్మనీ రాజ్యాంగమైన బేసిక్ లా 79(3)లో నిషేధం అక్షరాలా రాసి ఉంది, మూడో షరతు దాటదు. కాబట్టి దానికి చరిత్ర చాప్టర్‌లో చోటుంది, పోలికలో లేదు. 'జర్మన్ రాదు కాబట్టి' అన్నది పరిమితుల్లో రాయాల్సిన మాట, ఎంపికకు కారణం కాదు.

దేశాలు పెరిగినకొద్దీ మంచిదన్న మాటకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. దేశానికో చాప్టర్ రాసి చివర రెండు పేజీల 'పోలిక' అతికిస్తే అది పక్కపక్కన పెట్టడమే. సవరణ అధికారం ఎక్కడిది, రాజ్యాంగ నిర్మాతల ఉద్దేశం, కోర్టు హద్దు అని అంశాల వారీగా చాప్టర్లు ఉంటే మూడు దేశాలకే పని సరిపోతుంది.

వదిలేసిన దేశాల జాబితా ఒక పేజీలో, పేరు పక్కన కారణంతో, వైవాకు చేతిలో ఉంచుకోవాలి. అందులో కష్టమైనది మలేషియా. మూడు షరతులూ దాటుతుంది. మొదట్లో ఈ సిద్ధాంతానికి దూరంగా ఉన్న అక్కడి ఫెడరల్ కోర్టు, 2017లో సెమెనియి జయ తీర్పుతో దగ్గరైంది. దానికి షరతును మెలితిప్పి కారణం కల్పించొద్దు. ఒకే కోర్టు మాట మారిన తీరు విడిగా చూడాల్సినంత పెద్దది, ఈ పరిధిలో పట్టలేదు, కాబట్టి సింగపూర్ నుంచి తీసిన నిర్ధారణలను మలేషియాకు వర్తింపజేయడం లేదు అని చెప్పాలి.