నో డ్యూస్ ఫారం గారికి, ఏ బాకీ లేనివాడు రాయునది

మహారాజశ్రీ నో డ్యూస్ ఫారం గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు నా బ్యాగులో, ప్లాస్టిక్ ఫోల్డర్‌లో, ఒక్క మడత పడకుండా క్షేమంగా ఉన్నారు. నేనే అంత క్షేమంగా లేను. ఇవాళ ఒంటి గంట నుంచి నాలుగున్నర దాకా అకౌంట్స్ కిటికీ ముందు నిలబడి, ఒక్క సంతకం కూడా పడకుండా ఇంటికొచ్చాను. కోపం చల్లారితే మర్యాదగా రాయడం మొదలుపెడతానేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

తమరి ఒంటి మీద పదకొండు గళ్లు. తొమ్మిది నిండాయి, అందుకు ఆరు రోజులు పట్టింది. కాలేజీ నా సర్టిఫికెట్లు ఇవ్వాలంటే, ఏ డిపార్ట్‌మెంట్‌కీ నేను బాకీ లేనని, ఒక్కో డిపార్ట్‌మెంట్‌కీ నేనే వెళ్లి చెప్పి, వాళ్లతో రాయించుకోవాలి. అన్నీ ఒకే బిల్డింగ్‌లో ఉన్నాయి. అందరి టేబుళ్ల మీదా కంప్యూటర్లున్నాయి. వాటి మధ్య నడిచే వైరును మాత్రం నేనే.

హాస్టల్ గడి గురించి చెప్పాలి. నేను నాలుగేళ్లూ ఆర్టీసీ బస్సులో వచ్చిన డే స్కాలర్‌ని. ఆ మాటే వార్డెన్ గారికి చెప్పాను. "అయితే నీకు సంతకం ఎలా పెట్టను? నా రిజిస్టర్‌లో నీ పేరే ఉండదు" అన్నారు. పేరు లేకపోవడమే కదండీ కావాల్సింది అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, నాలుగు రిజిస్టర్లు తీసి, వేలు తడి చేసుకుంటూ పేజీ పేజీ తిప్పి, నా పేరు ఎక్కడా లేదని రూఢి చేసుకున్నారు. మధ్యలో నా పేరే ఉన్న ఇంకో కుర్రాడు దొరికాడు, మెస్ బాకీతో సహా. వాడు సివిల్, నేను సీఎస్ఈ అని ఐడీ కార్డు చూపించాక గానీ వదల్లేదు. తీరా స్టాంపు వేయబోతే ఇంకు ప్యాడ్ ఎండిపోయింది. అటెండర్ ఆ ప్యాడ్ మీద రెండు చుక్కల నీళ్లు పోసి, బొటనవేలితో రుద్ది, గట్టిగా ఒత్తాడు. తమరి మీద ఊదారంగు మరక ఒకటి కనిపిస్తుందే, అదే హాస్టల్ క్లియరెన్స్.

కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఫస్టియర్‌లో మా బ్యాచ్‌వాళ్లెవరో బ్యూరెట్ పగలగొట్టారట, తలా నలభై రూపాయలు. కట్టేశాను. జీవితంలో బంతి ముట్టనివాడినైనా పీడీ గారు టోర్నమెంట్ నుంచి వచ్చేదాకా రెండు రోజులు ఆగాను. లైబ్రరీలో నా రోల్ నంబర్ కొడితే సున్నా చూపించింది. కార్డు లాక్కుని సంతకం పెడుతూ, "ఇది పదిహేను రోజులే చెల్లుతుంది, ఆలోపు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాలి" అన్నారు. కార్డు తీసేసుకున్నాక పదహారో రోజున నేను పుస్తకం ఎలా పట్టుకుపోతానో అడగలేదు. అడిగితే ఆ గడి కూడా ఖాళీగా ఉండేది.

ఇవన్నీ సరే. పదో గడి సంగతి చూద్దాం.

"నీది థర్డ్ ఇయర్, ఫోర్త్ ఇయర్ ఆర్‌టీఎఫ్, అదే ఫీజు రీయింబర్స్‌మెంట్, రాలేదు. ముప్ఫై అయిదూ ముప్ఫై అయిదూ డెబ్బై వేలు డ్యూ ఉంది" అన్నారు అకౌంట్స్ సార్, తల ఎత్తకుండానే.

"సార్, అది గవర్నమెంట్ ఇవ్వాల్సింది కదా?"

"అవును."

"మరి డ్యూ నా పేరు మీద ఎందుకుంది?"

"సిస్టమ్‌లో డ్యూ చూపించాలంటే రోల్ నంబర్ కావాలి బాబూ. గవర్నమెంట్‌కి రోల్ నంబర్ ఉండదు కదా."

ఫారం గారూ, ఈ మాట విన్నాక నాకు నోట మాట రాలేదు. నాకు ఎంసెట్‌లో పది వేలు దాటిన ర్యాంకు వచ్చింది కాబట్టి ప్రభుత్వం ఏడాదికి ముప్ఫై అయిదు వేలే ఇస్తుంది. పైన మిగిలింది నాన్న ఆటో నడిపి ఏ ఏడుకా ఏడు కట్టాడు, రసీదులన్నీ ఉన్నాయి. ఈ-పాస్‌లో ఏటా అప్లై చేశాను. మీసేవలో వేలిముద్ర వేశాను. కుల, ఆదాయ సర్టిఫికెట్ల జిరాక్సులు ఇదే కాలేజీలో ఇదే కిటికీకి ఇచ్చాను. డెబ్బై అయిదు శాతం అటెండెన్స్ తగ్గకూడదని జ్వరంతో కూడా వచ్చాను. నా వంతు పనిలో ఒక్కటి మిగల్లేదు. స్టేటస్‌లో శాంక్షన్ అయిందనే ఉంది. శాంక్షన్ అంటే డబ్బు వచ్చినట్టు కాదని మాత్రం ఇవాళే తెలిసింది. అధికారి శాంక్షన్ చేశాక బిల్లు ట్రెజరీకి వెళ్తుంది, అక్కడ టోకెన్ నంబర్ పడుతుంది, ఆ తర్వాత ఖజానా డబ్బు వదిలేదాకా ఆ టోకెన్ అక్కడే కూర్చుంటుంది. ఎన్నాళ్లు కూర్చుంటుందో దానికే తెలియదు.

కాలేజీకీ జీతాలివ్వాలి, నిజమే. కానీ అప్పు ఎవరిదో కాలేజీకి బాగా తెలుసు. 2025 నవంబరులో ఈ బకాయిల కోసమే తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. ఆ బంద్ మా ఇంటి ముందు చేయలేదు కదా! ప్రభుత్వాన్ని అడిగేటప్పుడు అది ప్రభుత్వ బకాయి. నా సర్టిఫికెట్లు ఆపేటప్పుడు నా బకాయి.

ఏం ఆపారంటావా? తమరు అని రాయడం ఇక నావల్ల కావడం లేదు, నువ్వనే అంటాను. యూనివర్సిటీ పంపిన మొత్తం మార్కుల మెమో సీఎంఎం, ప్రొవిజనల్ సర్టిఫికెట్ పీసీ ఎగ్జామ్ బ్రాంచి బీరువాలో ఉన్నాయి. టీసీ రాయనే లేదు. వీటితో పాటు నా టెన్త్ మెమో, ఇంటర్ మెమో కూడా ఉన్నాయి, అడ్మిషన్ రోజు వెరిఫికేషన్‌కని తీసుకున్నవి. నాలుగేళ్లయినా వెరిఫై అవుతూనే ఉన్నాయి. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది కదా సార్ అని ఫోన్‌లో నోటిఫికేషన్ చూపించాను. "అది అడ్మిషన్ క్యాన్సిల్ చేసుకునేవాళ్లకి" అన్నారు. అంటే ఫస్టియర్‌లోనే మానేసి ఉంటే నా మెమోలు నాకు దక్కేవి. చదువు పూర్తి చేయడం నా తప్పు.

నువ్వు నో డ్యూస్ ఫారానివి. బాకీ లేదని చెప్పడానికే పుట్టావు. తొమ్మిది గళ్లలో నాతో ఎప్పుడూ పని పడనివాళ్లు కూడా నిన్ను నమ్మి సంతకాలు పెట్టారు. నాకు సంబంధించిన ఒక్క లెక్కా వచ్చిన పదో గడిలో మాత్రం వేరేవాడి బాకీకి నన్ను జామీను కట్టిస్తావా? సిగ్గుండాలి.

మధ్యే మార్గం కూడా చెప్పారు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద అండర్‌టేకింగ్ రాసి, డెబ్బై వేలకు నాన్న చెక్కు ఇస్తే సంతకం పెడతారట. డబ్బు రాగానే చెక్కు తిరిగిస్తారట. రాకపోతే ఏం చేస్తారని అడిగితే, "వస్తుందిలే" అన్నారు. అంత నమ్మకం ఉన్నప్పుడు చెక్కు దేనికో నాకు అర్థం కాలేదు.

ఇంటికొచ్చి నాన్నని అడిగాను. ఆయన ఖాతాకి ఏటీఎం కార్డే గానీ చెక్‌బుక్ ఎప్పుడూ లేదు. రేపు పొద్దున్నే బ్యాంకుకి వెళ్తున్నాం. అప్లై చేస్తే పోస్టులో రావడానికి వారం, పది రోజులు పడుతుందని పక్కింటి బాబాయ్ అన్నాడు. లైబ్రరీ సంతకానికి ఇంకా పదకొండు రోజులు గడువుంది. ఉద్యోగంలో జాయినింగ్ వచ్చే నెల ఒకటో తారీఖు, ఒరిజినల్స్ తెచ్చుకోమన్నారు.

ఇట్లు,
రోల్ నంబర్ ఉన్నవాడు

తా.క.: హాస్టల్‌లో దొరికిన నా పేరువాడి మెస్ బాకీ ఎంతో కనుక్కుని ఉండాల్సింది. డెబ్బై వేలకంటే తక్కువే అయ్యుంటుంది.