లడ్డూ గొప్పదే, అయితే ఏంటి?

మన పరీక్షల సంప్రదాయానికి ఇంగ్లాండులో ఘోర అవమానం జరిగింది. బాధితుడు తిరుపతి బైరాగిపట్టెడలో పుట్టి, అడిషనల్ షీట్లకు దారం కడుతూ పెరిగిన మా మేనల్లుడు.

మాస్టర్స్‌లో వాడి మొదటి వ్యాసం 2000 పదాలు. ఒక ప్రాంతపు ప్రత్యేక సరుకు పేరును బయటివాళ్లు వాడుకోకుండా చూసే భౌగోళిక గుర్తింపు, అదే జీఐ చట్టం, ఉత్పత్తిదారులను ఎంతవరకు కాపాడుతోందో ఒక ఉదాహరణతో విమర్శనాత్మకంగా చర్చించమన్నారు. తిరుపతివాడికి ఉదాహరణ వెతుక్కోవాలా? శనగపిండి, జీడిపప్పు, యాలకులు, 1999లో చట్టం, 2009లో తిరుపతి లడ్డూకు జీఐ... అన్నీ సైడ్ హెడింగులు పెట్టి దంచేశాడు. చివర్లో 'కావున జీఐ మిక్కిలి ముఖ్యమైనది' అన్నాడు. చిత్తుప్రతి నాకు పంపితే పదికి తొమ్మిది వేశాను. టైపు చేసిందే అయినా అలవాటు కొద్దీ దస్తూరికి ఒక మార్కు కోశాను.

అక్కడ 'ఆఫీస్ అవర్స్' అని ఒకటుంది. వాళ్ల మేడమ్ బుధవారం రెండు నుంచి నాలుగు దాకా గది తలుపు తీసుకుని కూర్చుంటుంది. అది ఆవిడ ఆఫీసు పని చేసుకునే టైమేమో అనుకుని మావాడు నాలుగు వారాలు అటు పోలేదు. మరి మన దగ్గర లెక్చరర్ గదిలోకి పోయేది అటెండెన్స్ తగ్గినప్పుడే కదా!

ఐదో వారం పోయి "ఎలా ఉందో చూడండి మేడమ్" అన్నాడట. మొత్తం చదవనంది. ఎక్కడ ఆగిపోయావో ఆ ఒక్క పేరా చూపించమంది. చూపిస్తే పక్కన పెన్సిల్‌తో 'అయితే ఏంటి?' అని రాసింది. మన లడ్డూని!

"డార్జిలింగ్ టీ ఎంతమంది పండిస్తారు?"

"చాలా తోటలున్నాయి మేడమ్."

"ఈ లడ్డూ?"

"దేవస్థానం ఒక్కటే."

"మరి రెండింటికీ ఒకే రకం రక్షణ ఎందుకు?"

ఏ గైడులోనూ లేని ప్రశ్న. సిలబస్‌లో లేదని ధర్నా చేయాల్సింది పోయి, వీడు రూముకెళ్లి ఆలోచించాడు! యాలకులు పోయాయి, చట్టం చరిత్ర అర వాక్యానికి కుంచించుకుపోయింది. మొదటి పేరాలోనే తేల్చేశాడు: తయారుచేసేది ఒక్కరే అయినప్పుడు జీఐ ఒక ప్రాంతపు ఉత్పత్తిదారుల హక్కుగా కాక, ఒక సంస్థ ట్రేడ్‌మార్కులా పనిచేస్తుందని. అక్కడితో ఆగినా బాగుండేది. నకిలీ లడ్డూలు కొని మోసపోకుండా భక్తులకు రక్షణ ఉంటుంది కదా అని ఎదుటివాళ్ల వాదన కూడా తనే రాశాడు, అదీ బలంగా! తర్వాత, ఆ పని ట్రేడ్‌మార్కు కూడా చేయగలదు, జీఐ అదనంగా ఇచ్చిందేమిటని తనే జవాబిచ్చాడు. చిత్తూరు కోర్టులో ఏ వకీలైనా అవతలి పార్టీ తరఫున ఇంత కష్టపడతాడా?

వందకు 64 వచ్చాయి. అక్కడ 70 దాటితేనే డిస్టింక్షన్, ఇవి మంచి మార్కులే మామా అంటాడు వాడు. మా అక్క మాత్రం పక్కింటివాళ్లకు రిజల్ట్స్ ఇంకా రాలేదని చెప్పింది.