పెద్ద బట్టీ లెక్క

హుజూర్‌నగర్, మేళ్లచెరువు, జగ్గయ్యపేట ప్రాంతాల్లో 1980లలో మినీ సిమెంటు ఫ్యాక్టరీలు వరసగా వెలిశాయి. 1982లో కేంద్రం సిమెంటుపై నియంత్రణ కొంత సడలించింది, చిన్న యూనిట్లకు ఎక్సైజు సుంకంలో రాయితీ కూడా ఇచ్చింది. కాళ్ల కిందే సున్నపురాయి ఉంది, బయట గిరాకీ ఉంది. అయినా వాటిలో కొన్ని మూతపడ్డాయి, కొన్ని పెద్ద బట్టీలు పెట్టుకుని బతికాయి. యజమానులకు చేతకాలేదని తీసిపారేసేవాళ్లున్నారు. మేం ఒప్పుకోం. అసలు తేడా బట్టీ కొలతల్లోనే ఉంది.

సిమెంటుకు మూలం క్లింకర్. సున్నపురాయి పొడిని దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాలిస్తే వచ్చే గట్టి ఉండలవి. కాల్చే బట్టీ ఒక ఉక్కు గొట్టం. దాని వ్యాసం రెట్టింపు చేస్తే చుట్టూ పట్టే ఉక్కు రేకు సుమారు రెట్టింపవుతుంది, లోపల పట్టే సరుకు మాత్రం నాలుగింతలవుతుంది. వేడి బయటికి పోయేది ఆ రేకు నుంచే కాబట్టి, పెద్ద బట్టీలో టన్నుకు వృథా అయ్యే వేడి తగ్గుతుంది. పైగా పెద్ద ఫ్యాక్టరీకి ప్రీహీటర్ టవర్ కట్టుకోవడం గిట్టుబాటు. బట్టీలోంచి వచ్చే వేడిగాలి ఆ టవర్లో పైకి పోతూ, కిందికి దిగే పొడిని ముందే 800 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. అందుకే మంచి పెద్ద ఫ్యాక్టరీలో కిలో క్లింకర్‌కు ఇంచుమించు 750 కిలో కేలరీలు సరిపోతే, పాత నిలువు బట్టీకి 850 నుంచి వెయ్యి దాకా కావాలి. ఆ తేడా అంతా బొగ్గు బిల్లే.

పెట్టుబడిదీ అదే కథ. సామర్థ్యం పదింతలైతే యంత్రాల ఖర్చు పదింతలు కాదు, సుమారు నాలుగింతలే అవుతుందని ఇంజినీర్ల మోటు లెక్క. రోజుకు 300 టన్నుల బట్టీకి వంద కోట్లు అనుకుంటే, 3 వేల టన్నుల దానికి 400 కోట్లు. అంటే టన్ను మీద పడే వడ్డీ, తరుగుదల 40 శాతానికి దిగుతాయి. కంట్రోల్ రూంలో షిఫ్టుకు కూర్చునేవాళ్ల సంఖ్య కూడా పదింతలు కాదు.

అయితే ఇదే లెక్క తిరగబడటానికి ఎంతోసేపు పట్టదు. ఆ 3 వేల టన్నుల బట్టీ సామర్థ్యంలో 40 శాతమే నడిచిందనుకోండి. టన్ను మీద పడే పెట్టుబడి భారం, నిండా నడిచే చిన్న బట్టీతో సమానమైపోతుంది. వడ్డీ మాత్రం ఆగదు. బట్టీని ఆపి మళ్లీ వెలిగించడమూ ఆషామాషీ కాదు. చల్లారి వేడెక్కేటప్పుడు లోపలి ఇటుకల పూత పగులుతుంది. ఇటుక ఊడిన చోట బయటి రేకు మీద ఎర్రటి మచ్చ కనిపిస్తే ఆపరేటర్‌కు టెన్షనే. దక్షిణాదిలో గిరాకీని మించి ఫ్యాక్టరీలు కట్టారన్నది కొత్త మాట కాదు.

ఇంకో విషయం మన ప్రభుత్వాల దృష్టికి రావడం లేదు. పెద్దతనం వల్ల లాభం ఫ్యాక్టరీ మొత్తానికి ఒకేలా ఉండదు. టన్ను క్లింకర్‌కు దాదాపు టన్నున్నర సున్నపురాయి కావాలి. మిగతా బరువులో ఎక్కువ భాగం గాలిలో కలిసిపోతుంది. కనుక కాల్చే పని క్వారీ పక్కనే, పెద్ద ఎత్తున జరగాలి. క్లింకర్‌ను జిప్సంతోనూ, బూడిదతోనో స్లాగుతోనో కలిపి నూరే పని వేరు. అక్కడ వేడి లెక్క లేదు, లారీ కిరాయి లెక్క ఉంది. థర్మల్ కేంద్రం, ఉక్కు ఫ్యాక్టరీ, నగరం పక్కన ఓ మోస్తరు గ్రైండింగ్ యూనిట్ హాయిగా నడుస్తుంది. విశాఖ చుట్టుపక్కల అలాంటివి ఉన్నది ఇందుకే.

చిన్న పరిశ్రమ అనగానే ఒకే రాయితీ, మెగా ప్రాజెక్టు అనగానే మరో రాయితీ ఇచ్చే పద్ధతి మానాలి. బట్టీకి ఇచ్చే ప్రోత్సాహకాన్ని కాగితం మీది సామర్థ్యానికి కాకుండా గేటు దాటిన టన్నులకు ముడిపెట్టాలి. గ్రైండింగ్‌లో చిన్నవాళ్లకు బూడిద, స్లాగు కేటాయింపుల్లో చోటివ్వాలి. ఖర్చు తగ్గినంత మాత్రాన బస్తా ధర దానంతటదే తగ్గదు. కుమ్మక్కయ్యారంటూ 2012లో కాంపిటీషన్ కమిషన్ సిమెంటు కంపెనీలపై 6 వేల కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు ఒప్పుకోలేదు, వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పెద్ద బట్టీలు కొద్దిమంది చేతుల్లోనే ఉండే పరిశ్రమలో ధరల మీద ఆ నిఘా నిరంతరం ఉండాలి. రాయితీ అందుకునే ప్రతి కంపెనీ నెలవారీ ఉత్పత్తిని, ఫ్యాక్టరీ గేటు ధరను బయటపెట్టాలన్న షరతును రెండు రాష్ట్రాలూ తమ పారిశ్రామిక విధానాల్లో చేర్చాలి.