చెవి లాగుతున్నాడని చెవిలో నూనె పోయకండి

నల్లగొండలో పిల్లల వార్డు నర్సుగా పనిచేస్తున్న నాకు ఏడాది లోపు పిల్లల తల్లుల నుంచి తరచుగా వినిపించే మాట ఒకటే: "సిస్టర్, బాబు చెవి లాగుతున్నడు, చెవిపోటేమో." చాలాసార్లు ఆ పసివాడి చెవిలో ఏ జబ్బూ ఉండదు. అయినా అప్పటికే ఆ చెవిలో నూనెనో, తల్లిపాలో, మెడికల్ షాపువాళ్లు ఇచ్చిన చుక్కల మందో పడి ఉంటుంది. ఈ అలవాటు మీద నాకు నిజంగా కోపం ఉంది.

పసిపిల్లలు చెవిని పట్టుకోవడానికి ఎన్నో కారణాలుంటాయి. నిద్ర ముంచుకొస్తే లాగుతారు, చెయ్యికి కొత్తగా దొరికింది కనుక ఆడుకుంటారు, పళ్లు వచ్చేటప్పుడు కూడా లాగుతారు. కింది దవడకూ చెవి ముందు భాగానికీ స్పర్శనిచ్చేది ఒకే నరం శాఖలు కావడం వల్ల చిగురు సలిపితే ఆ బాధ చెవి దగ్గర తోస్తుంది. అందువల్ల జ్వరం లేకుండా, పగలు బాగా ఆడుకుంటూ, చొల్లు కారుస్తూ, దొరికినదల్లా కొరుకుతూ చెవి లాగుతున్న బిడ్డను చూసి భయపడనవసరం లేదు. అయితే పళ్ల వల్ల ఒళ్లు కొద్దిగా వెచ్చబడవచ్చు గానీ 100.4 డిగ్రీలు దాటిన జ్వరాన్ని పళ్ల మీదికి నెట్టడం తప్పు.

దేవరకొండ వైపు నుంచి వచ్చిన పది నెలల బాబు సంగతి చెబుతాను. మొదట కింది చిగురు ఉబ్బి రెండు చెవులూ లాగుతుంటే ఇంట్లోవాళ్లు పళ్లేనని ఊరుకున్నారు, అది సరైన నిర్ణయమే. తర్వాత కొద్ది రోజులకు బాబుకు సర్ది అయింది. రెండు రోజులు ముక్కు కారి కొద్దిపాటి జ్వరం వచ్చి తగ్గింది, కానీ నాలుగో రోజు రాత్రి మళ్లీ 102 దాటింది. పడుకోబెడితే చాలు గుక్కపట్టి ఏడ్చేవాడు, భుజాన నిలువుగా ఎత్తుకుంటే కొంత ఊరుకునేవాడు, ఆకలితో రొమ్ము అందుకుని రెండు గుక్కలు తాగీ తాగకముందే వదిలేసి ఏడ్చేవాడు. నాయనమ్మ మాత్రం "పళ్ల జరమే బిడ్డా, గోరెచ్చని నూనె పోస్తే తగ్గుతది" అన్నది.

నేను తల్లులను చూడమనేది ఈ వరుసనే, చెవి మీది చేతిని కాదు. చెవిని గొంతు వెనుక భాగంతో కలిపే సన్నని గొట్టం పసిపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. సర్దికి అది వాచి మూసుకుపోతే మధ్య చెవిలో నీరు నిలిచి చీము పడుతుంది. పడుకున్నప్పుడు ఆ ఒత్తిడి ఇంకా బాధిస్తుంది, పాలు మింగిన ప్రతిసారీ చెవిలోని ఒత్తిడి మారి నొప్పి పుడుతుంది. సర్ది తగ్గుముఖం పట్టాక మళ్లీ జ్వరం రావడం, రాత్రి పడుకోలేకపోవడం, పాలు వదిలేయడం ఒకచోట చేరితే అది చెవి ఇన్ఫెక్షన్ అని అనుమానించాలి.

ఆ బాబుకు తెల్లవారేసరికి దిండు మీద పసుపు చీము మరక కనిపించింది, ఏడుపు ఆగిపోయింది. నూనె పని చేసిందని ఇంట్లోవాళ్లు సంతోషించారు. నిజానికి లోపలి ఒత్తిడికి కర్ణభేరి చిల్లి పడి చీము బయటికి రావడంతో నొప్పి తగ్గింది. ఆ చిల్లి సాధారణంగా దానంతట అదే పూడుతుంది, కానీ దాని గుండా నూనె లోపలికి పోతుంది, పైగా డాక్టరు చెవిలోకి చూస్తే కర్ణభేరి స్పష్టంగా కనబడదు.

డాక్టరు దగ్గర "కర్ణభేరి ఉబ్బి ఉందా?" అని అడగడానికి మొహమాటపడకండి. బిడ్డ గట్టిగా ఏడ్చినా కర్ణభేరి ఎర్రబడుతుంది కనుక ఎరుపు ఒక్కటే చాలదు, అసలు గుర్తు ఉబ్బు. ఆరు నెలలు దాటిన బిడ్డకు ఒకే చెవిలో, తేలికపాటి నొప్పితో ఉంటే, డాక్టరు యాంటీబయాటిక్ రాయకుండా రెండు మూడు రోజులు నొప్పి మందుతో గమనించమనవచ్చు. అది నిర్లక్ష్యం కాదు, చాలావరకు అలాగే తగ్గిపోతుంది. ఆరు నెలల లోపు బిడ్డకైతే అలా ఆగరు. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 జ్వరం వచ్చినా, ఏ వయసులోనైనా చెవి వెనుక ఎముక వాచి చెవి ముందుకు పొడుచుకొచ్చినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మూడు నెలలు దాటిన బిడ్డకు డాక్టరుకు చూపించేవరకు నొప్పికి పారాసిటమాల్ ఇవ్వవచ్చు. బరువులో కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఒక మోతాదు, అంటే ఎనిమిది కిలోల బిడ్డకు 120 మిల్లీగ్రాములు, మోతాదుకూ మోతాదుకూ మధ్య ఆరు గంటలు. సీసా మీద 5 మిల్లీలీటర్లకు 120 అని ఉందో 250 అని ఉందో చదివి పోయండి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, 250 సీసాలోంచి అంతే మందు పోస్తే మోతాదు రెట్టింపవుతుంది.