నెలకు రెండు గంటల సివిల్ కోర్టు

మొన్న శుక్రవారం సాయంత్రం 5:52కి మా ఆఫీసులో ఒక మెయిల్ దిగింది. శుక్రవారం ఆ వేళకు దిగే మెయిళ్లు రెండే రకాలని రుషికొండ దారిలో ఉద్యోగం చేసే ఎవరినడిగినా చెబుతారు. ఒకటి శనివారం రమ్మనేది, రెండోది ఎవరూ చదవకూడదని పంపేది. ఇది రెండో రకం. సబ్జెక్టు లైనులో అటొక పువ్వు, ఇటొక పువ్వు, మధ్యలో "అంతర్గత కమిటీకి వాలంటీర్లు కావలెను".

"ప్రియమైన కుటుంబ సభ్యులారా" అని మొదలైంది. ఇంక్రిమెంట్ల నెలలో మేం రిసోర్సులం, ఊరికే పని చేయించుకునే నెలలో కుటుంబ సభ్యులం. సరే. పట్టే సమయం నెలకు రెండు గంటలట. బాధ్యతలు వరసగా ఇవి: మహిళా దినోత్సవం కేకు, సంక్రాంతి ముగ్గుల పోటీ, అవగాహన పోస్టర్లు, "మరియు ఫిర్యాదులేవైనా వస్తే చూడటం". పేరివ్వడానికి ఆఖరు గడువు సోమవారం ఉదయం పది. ముందుగా పేరిచ్చిన ఐదుగురికి కాఫీ కప్పు, కప్పు మీద వాళ్ల పేరు.

ముగ్గులకీ కేకుకీ వెనక, "మరియు" అనే మాట చాటున నక్కి కూర్చున్న ఆ ఆఖరి ముక్కే అసలు సంగతి. ఆ కమిటీ పుట్టిందే అందుకు. పని చేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 నాటి చట్టం ప్రకారం, పది మంది, ఆపైన పని చేసే ప్రతి సంస్థా ఈ కమిటీ వేసి తీరాలి. దానికి పెద్దగా ఉండేది సీనియర్ హోదాలో ఉన్న మహిళ. ఉద్యోగుల్లోంచి కనీసం ఇద్దరు సభ్యులు, స్వచ్ఛంద సంస్థ నుంచి గానీ ఈ విషయం తెలిసినవాళ్లలోంచి గానీ బయటి మనిషి ఒకరు, మొత్తంలో సగానికి తగ్గకుండా ఆడవాళ్లు. విచారణ చేసేటప్పుడు మనిషిని పిలిపించడానికి, ప్రమాణం చేయించి అడగడానికి, కాగితాలు తెప్పించుకోవడానికి ఈ కమిటీకి సివిల్ కోర్టుకుండే అధికారాలుంటాయి. ముగ్గుపిండి కొనే అధికారం గురించి చట్టం ఏమీ చెప్పలేదు. మా మెయిల్ చెప్పింది.

వాలంటీర్లను అడగడం తప్పని నేననను. ఇష్టం లేనివాణ్ణి లాక్కొచ్చి కూర్చోబెట్టడం కంటే అది నయమే. కానీ సభ్యుల్ని యాజమాన్యమే ఎంచి, రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. అప్పుడే అది కమిటీ. పెళ్లిచూపులకొచ్చి మిక్చరు తిన్నవాడల్లా అల్లుడైపోడు. లింకు నొక్కిన మొదటి ఐదుగురే కమిటీ అయిపోతే రేపు అవతలివాడి లాయరు చేసే మొదటి పని, మీ కమిటీయే చెల్లదనడం. అంతవరకూ కూడబెట్టిన వాంగ్మూలాలన్నీ ఆ ఒక్క మాటతో గాలికి పోవచ్చు.

మెయిల్ చివర ఒక ముత్యముంది. "ఈ చట్టానికి దారి చూపిన తీర్పు మన విశాఖ పేరుతోనే ఉండటం మనందరికీ గర్వకారణం!" ఆశ్చర్యార్థకం కూడా వాళ్లదే. అయ్యా, అమ్మా, ఆ విశాఖ మన విశాఖ కాదు. కైలాసగిరికీ కోర్టుకీ సంబంధం లేదు. అది రాజస్థాన్‌లోని ఒక మహిళా సంస్థ పేరు. అక్కడి భటేరీ అనే ఊళ్లో భన్వరీ దేవి ప్రభుత్వ కార్యక్రమంలో పని చేసేది. బాల్య వివాహాన్ని ఆపబోయింది. తన ఉద్యోగం తాను చేసినందుకు 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. కింది కోర్టు నిందితుల్ని అత్యాచార నేరం నుంచి వదిలేసింది. ఆ ఘటన మీద మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళితే 1997 ఆగస్టు 13న వచ్చింది విశాఖ తీర్పు. బీచ్ రోడ్డులో ఐ లవ్ వైజాగ్ బొమ్మ దగ్గర ఫొటో దిగినట్టు ఆమె పక్కన నిలబడి గర్వపడుతున్నాం మనం.

ఇక ఆ రెండు గంటల సంగతికొద్దాం. దాని మీద నాకు ప్రత్యేకమైన ప్రేముంది.

ఒక ఫిర్యాదు వచ్చిందనుకోండి. దాని ప్రతిని ఏడు పనిదినాల్లో అవతలి వ్యక్తికి పంపాలి, అతను పది పనిదినాల్లో జవాబివ్వాలి. విచారణ మొత్తం తొంభై రోజుల్లో ముగియాలి. కూర్చున్న ప్రతిసారీ కమిటీ పెద్దతో కలిపి కనీసం ముగ్గురుండాలి. ఇప్పుడు నా చేతి లెక్క. కాగితాలు చదవడానికి ఒక గంట. ఆమె చెబుతుంటే రాసుకుని, తిరిగి చదివి వినిపించి, ఆమె దిద్దింది దిద్ది, పేజీ పేజీకీ సంతకం తీసుకోవడానికి మూడు గంటలు. అతనికీ అంతే. నలుగురు సాక్షులకు తలా గంటన్నర. చాటింగులు, కెమెరా రికార్డులు చూడటానికి రెండు గంటలు, చర్చించుకోవడానికి మూడు. మొత్తం పద్దెనిమిది గంటలు. నివేదిక రాయడం దీంట్లో లేదు, దానికి చట్టం మరో పది రోజులిచ్చింది. నెలకు రెండు గంటల చొప్పున పద్దెనిమిది గంటలంటే తొమ్మిది నెలలు. తొమ్మిది నెలల్లో ఇంకేమైనా పుడుతుందేమో గానీ న్యాయం పుట్టదు.

ఆ సీరియల్ ఎలా నడుస్తుందో నాకు కళ్లకు కడుతోంది. మొదటి నెల: ఉన్న ఒక్క మీటింగు రూము అద్దాల గదిని మూడింటి నుంచి ఐదింటికి బుక్ చేశారు. కాగితాలు చదివేసరికి నాలుగు. ఆమె మొదలుపెట్టింది. సంగతి అసలు రోజు దాకా వచ్చింది. "ఆ రోజు సాయంత్రం నేను ప్రింటరు దగ్గర ఉన్నానండీ..." ఐదైంది. అద్దం మీద టకటక. బయట క్లయింటు కాల్ వాళ్లు ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని నిలబడ్డారు. కమిటీ పెద్ద వాచీ చూసుకుంది. "మిగతాది వచ్చే నెల." సశేషం. ఆమె కళ్లు తుడుచుకుంటూ బయటికొస్తే పదకొండు మంది చూశారు. ఇది బయటికి పొక్కకూడని విచారణ, పొక్కిస్తే జరిమానా కూడా ఉంది. అద్దానికి ఆ సంగతి ఎవరు చెబుతారు? రెండో నెల: అరగంట పాటు "మనం ఎక్కడ ఆపామండీ?" ప్రింటరు దగ్గర. ఆమె మళ్లీ మొదటి నుంచీ చెప్పింది. ఒక సభ్యుడికి అప్పుడు జ్ఞానోదయమైంది, ప్రింటరు పైన సీసీ కెమెరా ఉంది కదా అని. అడిగారు. ముప్ఫై రోజులు దాటితే పాతదాని మీద కొత్తది ఎక్కిపోతుందని సిస్టమ్స్ వాళ్లు చల్లగా చెప్పారు. ఫిర్యాదు అందిన రోజే "ఫలానా తేదీ రికార్డు తీసి భద్రపరచండి" అని రెండు వాక్యాల మెయిల్ కొట్టాలని తెలిసినవాడు ఆ గదిలో ఒక్కడుంటే ఆ సాక్ష్యం మిగిలేది. మూడో నెల: ముగ్గుల పోటీ వల్ల మీటింగు వాయిదా.

తొంభై రోజులూ అయిపోయాయి. అతను ఇంకా ఆమెకు రెండు సీట్ల అవతలే కూర్చుంటున్నాడు. విచారణ జరుగుతుండగానే ఆమె రాసి అడిగితే ఇద్దరిలో ఒకరిని వేరే చోటికి మార్చమనో, ఆమెకు మూడు నెలల దాకా సెలవిమ్మనో కమిటీ సిఫార్సు చేయొచ్చు. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. కమిటీకే తెలియదు గనక.

మెయిల్ వచ్చిన మూడు నిమిషాలకే పేరిచ్చిన మొదటి వాలంటీరు ఎవరో కూడా చెప్పాలి. మా ఫ్లోరు మేనేజరు. "ఇద్దరు ఆడపిల్లల తండ్రిని, ఆడవాళ్ల ఇబ్బందులు నాకు తెలుసు" అని అందరికీ జవాబు కొట్టాడు. నిజమే, అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. అమ్మాయిల కుర్చీ వెనక నిలబడి, కుర్చీ వీపు మీద చెయ్యేసి, స్క్రీన్ చూస్తున్నట్టు వంగుతాడు. అతను వస్తుంటే మా వరసలో అమ్మాయిలు కుర్చీలు వెనక్కి జరిపి గోడకానించుకుంటారు. ఆరేళ్లుగా ఆ గోడకు రంగు ఊడిపోయి కుర్చీల గీతలు పడ్డాయి. హెచ్ఆర్ వాళ్లు రోజూ ఆ గోడ పక్క నుంచే కాఫీకి వెళ్తారు. ఇతను న్యాయమూర్తి! ఇతని ముందు కూర్చుని ప్రింటరు దగ్గర ఏం జరిగిందో చెప్పాలి ఇరవై రెండేళ్ల పిల్ల! సిగ్గనే మాటకు మీ హ్యాండ్‌బుక్‌లో పేజీ లేదా? ఆ ఫారంలో టీషర్టు సైజు అడిగారు. "మీపై ఎప్పుడైనా ఫిర్యాదు ఉందా" అని ఒక్క గడి పెట్టడానికి చేతులు రాలేదా?

కమిటీ వేయకపోతే జరిమానా యాభై వేల దాకా. పోయినేడు అరకు టూరులో బొంగులో చికెన్‌కీ క్యాంప్‌ఫైరుకీ అంతకంటే ఎక్కువే అయిందని అకౌంట్స్‌లో అంటారు.

పాత కమిటీ లేదా అంటే ఉంది, గోడ మీద. నీళ్ల మెషీను పైన, లామినేషన్ పసుపు పచ్చగా మారిన ఒక ఇంగ్లీషు కాగితం. సభ్యుల పదవి మూడేళ్లకు మించకూడదు. కాగితం వయసు ఐదేళ్లు. నాలుగు పేర్లలో ఒకరు హైదరాబాద్ బ్రాంచికి వెళ్లారు, ఒకరు కెనడా, ఒకరు రిటైరయ్యారు. నాలుగో ఆవిడ నోటీసు పీరియడ్‌లో ఉంది.

సోమవారం పొద్దున్న బాటిల్ పట్టుకుంటుంటే హౌస్‌కీపింగ్ పిన్ని మాపు గోడకానించి నా పక్కన నిలబడింది.

"ఏటమ్మా, అందరూ ఏదో కమిటీ అంటన్నారు. ఈ కాయితం అదేనా?"

అదే పిన్నీ, అన్నాను. ఏమిటో చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "ఇది కంపెనీవోళ్లకేనా, మాకు కూడానా?"

మీక్కూడా. కాంట్రాక్టరు పెట్టిన మనిషైనా, రోజు కూలికొచ్చినా, ట్రైనింగులో ఉన్నా, అందరికీ.

"మరి మాకు మెయిలు రాలేదు గదమ్మా."

ఎక్కడికి వస్తుంది? హౌస్‌కీపింగుకీ, సెక్యూరిటీకీ, క్యాంటీనుకీ మెయిల్ ఐడీలే లేవు. "ఆల్ స్టాఫ్" అన్న మాటలో వాళ్లు స్టాఫూ కాదు, ఆల్ కూడా కాదు.

"నాకు రాత రాదు. ఎలా సెప్పుకుంటాం?"

రాయలేని మనిషి వస్తే, ఫిర్యాదు రాతలో పెట్టడానికి కమిటీయే సాయం చేయాలి. ఇది దయ కాదు, చట్టంలో ఉన్న డ్యూటీ. మా మెయిల్ చెప్పిన బాధ్యతల్లో ఈ ఒక్కటీ లేదు. పిన్ని ఎవరి గురించి అడిగిందో నేను అడగలేదు. ఆ కాగితం మీదున్న నంబరుకు ఆమె ఎదుటే ఫోన్ చేశాను. మీరు డయల్ చేసిన నంబరు ప్రస్తుతం ఉపయోగంలో లేదంది. పిన్ని నవ్వింది. మాపు తీసుకుని కారిడార్ చివరికి వెళ్లిపోయింది.

పదికి పది నిమిషాల ముందు నేనూ పేరిచ్చాను. కింద "సూచనలు" అనే గడిలో నాలుగు రాశాను. సంతకంతో రాతపూర్వక ఉత్తర్వు కావాలి. ఫిర్యాదు ఉన్నన్నాళ్లూ ఆ గంటలు పనిగంటల్లో కలపాలి. మొదట పేరిచ్చిన పెద్దమనిషిని తీసేయాలి. నీళ్ల మెషీను పైన తెలుగులో కాగితం, పలికే నంబరు పెట్టాలి.

నాలుగు నిమిషాల్లో జవాబొచ్చింది. మా హెచ్ఆర్ అంత వేగంగా స్పందించడం ఇదే మొదటిసారి.

"మీ ఉత్సాహానికి ధన్యవాదాలు! కప్పు మీద మీ పేరు ఏ స్పెల్లింగుతో వేయించమంటారు?"